గుమ్మం దగ్గర ఆపేసిన సీను

జక్రయ్య మాస్టారి సీరియల్‌ని కొనసాగించమని ఆడియో కథల యాప్ వాళ్లు అడిగినప్పుడు షమీమ్ ఒక్క రోజు కూడా ఆలోచించుకోలేదు. అలాంటి ఫోన్ కోసం తను మూడేళ్లుగా ఎదురుచూస్తోంది.

మాస్టారిది చీరాల. తెలుగు పండితుడిగా రిటైరయ్యాక రాయడం మొదలుపెట్టారు. ఆయన సీరియల్ పేరు ‘తొడిమలు’. కళ్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే సలోమి అనే ఆమె కథ. వారానికి రెండు భాగాల చొప్పున నలభై ఒకటి వచ్చాయి. నలభై రెండోది రాస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. రెండు నెలలు చూసి, ఇక ఆయన రాయలేరని తేలాక, యాప్‌లో తెలుగు కథలు చూసే మార్క్ షమీమ్‌కి ఫోన్ చేశాడు.

“మాస్టారి ఇంట్లో అడిగానండి. ఆయన అక్కగారు ఉన్నారు. ఎవరో ఒకరి చేత పూర్తి చేయించమన్నారు. మీరైతే వేగంగా రాస్తారు. మాస్టారి భాష బాగుంటుంది గానీ, కథ నడవదు. ముప్పయ్యో భాగం నుంచి వినేవాళ్లు జారిపోతున్నారు.”

అది నిజమే. షమీమ్ గుంటూరు బ్రాడీపేటలోని తన గదిలో కూర్చుని నలభై ఒక్క భాగాలూ రెండు రోజుల్లో వింది. సలోమికి ఏసోబు అని ఒక తమ్ముడు. చిన్నప్పుడు బళ్లో సలోమి బాగా చదివేది. హాస్టల్లో సీటు ఇస్తాం, పంపండి అని హెడ్మాస్టరు రాసిన చీటీని ఏసోబు చేతికిచ్చి ఇంటికి పంపితే, వాడు దాన్ని దారిలో చించి పత్తిచేలో పారేశాడు. అది పన్నెండో భాగం. ఆ మరుసటి ఏడు వాడే హాస్టల్‌కి వెళ్లాడు, చదువుకున్నాడు, మేష్టరయ్యాడు. సలోమి పత్తి తీస్తూ, మిరపకాయలు కోస్తూ ముసలిదైంది. ఇప్పుడు ఏసోబు ఆ సంగతి అక్కకి చెప్పడానికి బయల్దేరాడు.

బయల్దేరి పది భాగాలైంది. ఇంకా చేరలేదు. ఒక భాగమంతా ఏ బట్టలు వేసుకోవాలా అని ఆలోచిస్తాడు. ఇంకో భాగంలో బస్టాండులో టీ తాగుతూ పాత స్నేహితుడితో పత్తి ధరల గురించి మాట్లాడతాడు. నలభై ఒకటో భాగంలో బస్సు దిగి, ఊళ్లోకి నడవకుండా చర్చి గోడ పక్కన కూర్చుంటాడు.

“బస్సు దిగడానికే మూడు భాగాలా” అనుకుని షమీమ్ నవ్వుకుంది. మాస్టారు సగం రాసి వదిలిన నలభై రెండో భాగం కాగితాలు మార్క్ ఫొటోలు తీయించి పంపాడు. అందులో ఏసోబు ఊరి బయట కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె ఆ కాగితాలు వాడలేదు.

షమీమ్‌కి తన పని వచ్చు. సీనులోకి ఆలస్యంగా వెళ్లాలి, తొందరగా బయటికి రావాలి. అది ఆమె ఎన్నో సీరియళ్లు చెడగొట్టుకుని నేర్చుకున్న సంగతి. ఒకడు ఇంకొకడి ఇంటికి వెళ్లి గొడవపడాలంటే, ఆటో దిగడం, తలుపు కొట్టడం, బాగున్నారా అనడం, మంచినీళ్లు తాగడం అక్కర్లేదు. గొడవలో రెండో మాట దగ్గర మొదలుపెట్టాలి. ఎవరు, ఎక్కడ అన్నది మొదటి రెండు వాక్యాల్లో తెలిసిపోవాలి, ఎందుకంటే వినేవాళ్లు పేజీ వెనక్కి తిప్పలేరు. ఏదో ఒకటి మారగానే, అంటే ఒక మాట జారగానో ఒక నిర్ణయం జరగగానో, అక్కడే ఆపేయాలి. వీడ్కోళ్లు, గేటు దాకా రావడాలు వద్దు. తర్వాతి సీను ఆ మార్పు వల్ల ఏం జరిగిందో అక్కడ మొదలవ్వాలి. మధ్యలో ఉన్నది వినేవాళ్లే పూరించుకుంటారు. పూరించుకోవడంలో వాళ్లకి ఆనందం కూడా ఉంటుంది.

నలభై రెండు నుంచి ఆమె అలాగే రాసింది. ఏసోబుని చర్చి గోడ దగ్గరే వదిలి, అదే సమయంలో సలోమి పనిచేసే కళ్లంలో మేస్త్రీతో తగువు మధ్యలోకి దూకింది. పక్కదాని తట్టలో రంగు పోయిన తాలుకాయలు కలిపారన్న నింద మీద కూలీలు రెండు జట్లయ్యారు. కథ పరుగెత్తింది. జారిపోయినవాళ్లు తిరిగొచ్చారు. నలభై తొమ్మిదో భాగం చివర ఏసోబుని సలోమి గుమ్మం ముందుకి తెచ్చింది. ఆ సీను మొత్తం ఒకటిన్నర నిమిషం. సలోమి అన్నం వారుస్తోంది. గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తింది. ఏసోబు చెప్పులు కూడా విడవలేదు. “అక్కా” అన్నాడు. అంతే, భాగం అయిపోయింది.

యాభయ్యో భాగం మర్నాటి ఉదయం కళ్లంలో మొదలైంది. అక్కాతమ్ముళ్లిద్దరూ మిరపకాయల రాశి పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఏసోబు వేళ్లు మండి ఊదుకుంటుంటే సలోమి నవ్వుతోంది, కూలీలందరూ నవ్వుతున్నారు.

సీరియల్ మొదలైనప్పటి నుంచి నలభై తొమ్మిదో భాగాన్ని విన్నంతమంది ఇంకే భాగాన్నీ వినలేదు. ‘అక్కా’ అన్న ఆ ఒక్క మాట ఉన్న ఆడియో ముక్కను జనం వాట్సాప్ స్టేటస్‌లలో పెట్టుకున్నారు.

ఆ ఆదివారం ఉదయం మార్క్ బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ మేడమీద గది తీసుకుని, కొత్తగా రాసేవాళ్లు పన్నెండు మందిని కూర్చోబెట్టి షమీమ్ చేత క్లాసు చెప్పించాడు. ఆమె నలభై తొమ్మిదో భాగం చివర వినిపించింది. మాస్టారి నలభై రెండో భాగం కాగితం కూడా చూపించింది. “ఇక్కడ ఏసోబు కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇలా రాస్తే వినేవాళ్లు చేతులు కడుక్కుని వెళ్లిపోతారు” అంది. అందరూ నవ్వారు.

వెనక వరసలో ఆరాధన అనే అమ్మాయి చెయ్యి ఎత్తింది.

“మేడమ్, మరి గుమ్మం దగ్గర వాళ్లేం మాట్లాడుకున్నారండి?”

“మీరేం అనుకుంటున్నారు?”

“నాకు తెలీదండి. అందుకే అడుగుతున్నా. ఆ చీటీ సంగతి ఆయన చెప్పాడా?”

“అన్నీ రచయితే చెబితే వినేవాళ్లకి పనేముంటుంది అమ్మా? మధ్యలోది వాళ్లే పూరించుకోవాలి. వాళ్ల తెలివిని గౌరవించడం అది.”

మళ్లీ నవ్వారు. ఆరాధన కూర్చుని ఏదో రాసుకుంది. షమీమ్‌కి ఆ జవాబు తనకే బాగా నచ్చింది.

మర్నాడు ఆమె చీరాల వెళ్లింది. మాస్టారిని ఒకసారి చూడడం మర్యాద అని మార్క్ అన్నాడు. పైగా భాగాలు బాగా ఆడుతున్నాయి కాబట్టి ఆయనకు ఆ మాట చెప్పాలని ఆమెకీ ఉంది. పళ్లు కొనుక్కుని ఉదయం పాసింజరు ఎక్కింది.

మాస్టారి ఇల్లు స్టేషన్‌కి దగ్గర్లోనే. సన్నటి పొడుగాటి మనిషి, డెబ్బై దాటిన ఆవిడ, తలుపు తీసింది. ఆవిడే రెబ్కా, మాస్టారి అక్క. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. జబ్బు చేశాక ఈవిడే రెండు వీధుల అవతల తన గదికి తాళం వేసి వచ్చి చూసుకుంటోంది.

మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. షమీమ్ నమస్కారం పెట్టి, తనెవరో చెప్పింది. ఆయన ఆమె వైపు చూశారు. ఏదో అనబోయారు. “కాదు” అన్నారు.

“అది ఏమీ అనుకోకమ్మాయ్” అంది రెబ్కా. “వాడికి రెండే మాటలు వస్తాయి. ‘కాదు’, ‘ఆ’. చిత్రం ఏంటంటే కీర్తన ఎత్తుకుంటే మాత్రం చరణాలన్నీ పాడేస్తాడు. మనం చెప్పేది మాత్రం అంతా తెలుస్తది. కూర్చో.”

షమీమ్ కూర్చుని, ఎంతమంది వింటున్నారో చెప్పింది. మాస్టారు తల దించుకుని విన్నారు. రెబ్కా మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఎదురుగా ముక్కాలిపీట వేసుకు కూర్చుంది.

“మేమూ వింటన్నాం. ఫోన్లో పెట్టుకుని ఇద్దరం వింటాం. బాగా రాస్తన్నావు. ఆ మేస్త్రీ తగువు అచ్చం అట్టాగే ఉంటది. నేను నలభై ఏళ్లు తొడిమలు తీశాను, నాకు తెలుసు.”

“థాంక్సండి.”

“ఒకటి అడుగుతాను. వాడు గుమ్మం దాకా వచ్చాడు. అక్కా అన్నాడు. తెల్లారేసరికి ఇద్దరూ కూర్చుని నవ్వుకుంటన్నారు. మధ్యలో ఏమన్నాడు?”

షమీమ్ నోట్లోకి ఆదివారం నాటి జవాబే వచ్చింది. వినేవాళ్లు పూరించుకోవాలని సగం అంది. రెబ్కా ముఖం చూసి ఆపేసింది. ఆవిడ వాదనకి అడగడం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది.

“పూరించుకుందామనే చూశానమ్మాయ్. రెండు రోజులు చూశాను. నావల్ల కాలా. అది వాడు చెప్పాల్సిన మాట.” ఆవిడ తమ్ముడి వైపు చూడకుండా అంది. “ఆ చీటీ నాదే.”

షమీమ్ తాగబోతున్న మజ్జిగ దించింది.

“హెడ్మాస్టరు చీటీ రాశాడని పన్నెండో భాగం విన్నదాకా నాకు తెలీదు. నాకు సీటు రాలేదనుకున్నా. వాడి కథలో విన్నాక తెలిసింది. నేనేం అడగలా. వాడూ ఏం అనలా. కథలో ఏసోబు బయల్దేరాడు కదా, వస్తాడులే, వచ్చి చెబుతాడులే అని ఊరుకున్నా. నేను వింటన్నానని వాడికి తెలుసు. వారం వారం దగ్గరికొస్తన్నాడు. బట్టలు సర్దుకున్నాడు, టీ తాగాడు, బస్సు దిగాడు. నువ్వొచ్చి గుమ్మం ముందు నిలబెట్టావు. నేను ఫోను దగ్గరికి జరిగి కూర్చున్నా.”

ఆవిడ అక్కడితో ఆపేసింది. కోపం లేదు. గొంతు కూడా పెరగలేదు.

షమీమ్‌కి సిగ్గేసింది. చేతిలో మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మాస్టారి వైపు చూసే ధైర్యం చాలలేదు. బస్సు దిగడానికి మూడు భాగాలా అని తను నవ్వింది. కాళ్లు కడుక్కోవడం మీద పన్నెండు మందిని నవ్వించింది. ఆయనకు రాయడం చేతకాక కాదు కథ నడవనిది. ఆ గుమ్మం చేరితే ఏం చెప్పాలో ఆయనకు తెలుసు కాబట్టి. అడుగు పడక.

తనకైతే తెలియదు. అది ఆమెకి ఆ కుర్చీలోనే అర్థమైంది. ఏసోబు ఏమంటాడో తనకి తెలియదు. ఆ వాక్యం కోసం ఒక గంట కూర్చుని, రాక, ‘అక్కా’ దగ్గర కత్తిరించింది. కత్తిరించాక అదే బాగుందనిపించింది. మిగతా వేళల్లో వదిలేసినవన్నీ ఎవరైనా ఊహించుకోగల సంగతులు: ఆటో, తలుపు, మంచినీళ్లు. ఈసారి వదిలేసింది పన్నెండో భాగం నుంచి వినేవాళ్లకి కథ బాకీపడ్డ సంగతి. దానికి గౌరవం అని పేరు పెట్టి, అడిగిన పిల్లని నలుగురిలో చిన్నబుచ్చింది.

“నాకు తెలీలేదండి” అంది. “ఏమంటాడో నాకు తెలీక వదిలేశాను. కావాలని గొప్పగా చేసినట్టు అందరికీ చెప్పాను.”

రెబ్కా తల ఊపింది. “మరి ఇప్పుడు రాయొచ్చా? అయిపోయిందా?”

“రాయొచ్చు. కానీ వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర మొదలెడితే తంటా. కళ్లంలో నవ్వుకున్నది జనం వినేశారు.”

ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. తర్వాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. గుమ్మం దగ్గర ఏసోబుకి ధైర్యం చాల్లేదు. అక్కా అన్నాడు, అంతకుమించి నోరు పెగల్లేదు. సలోమి లోపలికి రమ్మంది, పెట్టింది, పడుకోమంది. తెల్లారి నవ్వింది కూలీల ముందు నవ్విన నవ్వు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకి లేచాక కళ్లంలో ఇద్దరే మిగిలారు. అక్కడ మొదలుపెట్టాలి. వాళ్లు లేవడం, సద్ది మూటలు విప్పుకోవడం అక్కర్లేదు. ఇద్దరే ఉన్నారని ఒక్క వాక్యం, వెంటనే ఏసోబు మాట.

“అది బాగుంది” అంది రెబ్కా. “నాకూ ఆ బస్సులూ టీలూ విసుగొచ్చాయిలే.”

“ఏసోబు మాట ఏంటో...” అని షమీమ్ ఈసారి మాస్టారి వైపు తిరిగింది. ఆయన కళ్లలోకి చూడడానికి చాలా కష్టపడింది. “మాస్టారూ, నేను ఒక్కొక్కటి చదువుతాను. కాకపోతే కాదనండి.”

“‘అప్పుడు చిన్నవాణ్ణి అక్కా, తెలీక చేశాను.’”

“కాదు” అన్నారు ఆయన.

“‘నాన్న నన్నే పనికి పంపుతాడని భయమేసింది.’”

“కాదు.” ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద కొట్టారు. “కాదు, కాదు.”

రెబ్కా ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చుంది. షమీమ్‌కి అక్కడి నుంచి లేచిపోవాలనిపించింది. తను ఉండాల్సిన చోటు కాదది. కానీ తను లేస్తే ఆ మాట చెప్పడానికి ఆయనకి వేరే నోరు లేదు. కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.

“‘నీ చీటీ నేను చించాను అక్కా. అందులో నీ పేరు చదివాను. చదివే చించాను.’”

ఆయన ముఖం ఎర్రబడింది. దవడ ఆడింది.

“ఆ” అన్నారు.

రెబ్కా తమ్ముడి వైపు మొదటిసారి నేరుగా చూసింది.

“చదివే చించావా?”

“ఆ.”

“నాకన్నా నీకు మార్కులు తక్కువని చించావా?”

ఆయన ఎడమచేత్తో ముఖం కప్పుకున్నారు. ఆ చేతి వెనక నుంచే అన్నారు, “ఆ.”

రెబ్కా లేచి కిటికీ దగ్గరికెళ్లి నిలబడింది. వీధిలో ఎవరో సైకిల్ మీద నూలు కట్టలు వేసుకుని పోతున్నారు. షమీమ్ నోట్‌బుక్‌లోకి చూస్తూ ఉండిపోయింది.

కొంతసేపటికి ఆవిడ వచ్చి తమ్ముడి భుజం మీది తువ్వాలు తీసి ఆయన ముఖం తుడిచింది. కాస్త మోటుగానే తుడిచింది.

“రాసుకో అమ్మాయ్. సలోమి క్షమించిందని రాయబాక. అప్పటికప్పుడు ఎవరు క్షమిస్తారు? బడి గంట వినపడితే చేలో తల ఎత్తేదాన్ని కాదు అని చెప్పించు. తర్వాత వాడి ముందున్న తట్ట తనవైపు లాక్కుందని రాయి. వాడి వేళ్లు మండుతున్నాయి కదా.”

“అక్కడ ఆపేయనా?”

“ఆపేయ్. ఇంక వాళ్లేం మాట్లాడుకుంటారు?”

గుంటూరు చేరేసరికి సాయంత్రమైంది. షమీమ్ స్టేషన్ బయట ఆటో ఎక్కకుండా ఒక పక్కన నిలబడి, మార్క్ దగ్గర నంబరు తీసుకుని ఆరాధనకి ఫోన్ చేసింది.

“నిన్న మీరు అడిగినదానికి నాకు జవాబు తెలీదు. తెలీక అలా అన్నాను. మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. తప్పు నాదే.”

అవతల ఆ అమ్మాయి కంగారుపడింది. “అయ్యో, పర్లేదండి మేడమ్.”

“పర్లేదనకండి. సీను వదిలేసేటప్పుడు, వినేవాళ్లకి తెలిసింది వదిలేస్తున్నామా, మనకి తెలీనిది వదిలేస్తున్నామా అని చూసుకోవాలి. ఇది నేను క్లాసులో చెప్పాల్సింది. చెప్పలేదు.”

“రాసుకుంటానండి” అంది ఆరాధన. షమీమ్ ఫోన్ పెట్టేసింది. తేలిక పడుతుందనుకుంది గానీ పడలేదు.

యాభై ఒకటో భాగం నాలుగు నిమిషాల ఒక్క సీను. మార్క్ విని, మధ్యలో మౌనం ఎక్కువైందన్నాడు, ఒక నిమిషం తీసేయమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పడానికి మాస్టారి ఇంటి సంగతి చెప్పాలి. అది తను చెప్పే సంగతి కాదు. కాబట్టి, “తీస్తే ఈ సీరియల్ నేను రాయను” అని మాత్రం అంది. అతను కొంత నొచ్చుకున్నాడు.

ఆ భాగానికి పెద్దగా పేరు రాలేదు. స్లోగా ఉందని కొందరు రాశారు. మళ్లీ పాత మాస్టారిలా అయిపోయిందని ఒకరు రాశారు. ఆ మాట చదివినప్పుడు షమీమ్‌కి మాత్రం కాస్త ఊరట కలిగింది.

ఆ భాగం వచ్చిన రోజు రెబ్కా ఫోన్ చేసింది.

“విన్నాం.”

“మాస్టారు ఏమన్నారండి?”

“ఏమంటాడు. రెండోసారి పెట్టమని చేత్తో చూపించాడు. నేను పెట్టలా. ఒకసారి చాలు. నేను మా గదికి తిరిగి వెళ్లిపోదామా అని రెండు రోజులు అనుకున్నా. వెళ్లలా. వాడికి స్నానం ఎవరు చేయిస్తారు?”

“నేను మీ విషయంలో...” అని షమీమ్ మొదలుపెట్టింది.

“నీదేముందమ్మాయ్ ఇందులో” అంది రెబ్కా. “నువ్వు రాసేదానివి. రాయి.”

ఆవిడ అలా వదిలేయడమే షమీమ్‌కి ఎక్కువ కష్టంగా అనిపించింది. తిట్టి ఉంటే బాగుండేది. గుమ్మం దగ్గరి ఆ ముక్క ఇప్పటికీ జనం పంచుకుంటూనే ఉన్నారు, కింద ఆమె పేరుతో. ఎక్కడ ఆపాలో తెలిసిన రచయిత్రి అని ఒకావిడ మెసేజ్ పెట్టింది.